నవరసాల ముఖాలు వేశాను, 'భావం ఉంది, రసం లేదు' అన్నారు. ముఖం ఒక్కటే చాలదా?

కృష్ణలంక కుంచె:
అందరికీ నమస్కారం. మా బెజవాడలో జరగబోయే ఒక గ్రూప్ ఎగ్జిబిషన్ కోసం తొమ్మిది కాన్వాసులు వేశాను. తొమ్మిదింట్లోనూ ఒకే అమ్మాయి ముఖం, రసం మాత్రం వేరు. కింద బంగారు రంగులో శృంగారం, హాస్యం, కరుణ అని పేర్లు కూడా రాశాను. ఎంపిక చేసే పెద్దాయన అన్నీ ఓపిగ్గా చూసి, "చెయ్యి బాగుందమ్మా. భావం ఉంది, రసం లేదు" అని వెళ్ళిపోయారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. కళ్ళు, కనుబొమలు, పెదవులు అన్నీ అద్దం ముందు కూర్చుని చూసుకుని వేసినవే. ఇంకేం కావాలి? ఎవరైనా వివరంగా చెప్తారా? కరుణ, వీరం, అద్భుతం, మూడింటి ఫోటోలు పెడుతున్నాను.

రంగులరాట్నం:
సమస్య రంగులో ఉంది. కరుణకి మీరు వెనకాల నీలం వేశారు. అది ఇంగ్లీషు సినిమా పోస్టర్ల అలవాటు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు రసానికో రంగు చెప్పాడు. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకి పావురం బూడిద, రౌద్రానికి ఎరుపు, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. అంటే మీ కరుణ వెనక ఉన్నది బీభత్సం రంగు! బ్యాక్‌గ్రౌండ్ మార్చండి, రసం దానంతటదే వస్తుంది.

కొత్తిల్లు గుంటూరు:
నమస్తే. మేం అరండల్‌పేటలో ఫ్లాట్ తీసుకున్నాం, దసరాకి గృహప్రవేశం. హాల్లో సోఫా వెనక పెద్ద గోడ ఖాళీగా ఉంది. నవరసాల సెట్ మొత్తం పెట్టొచ్చా? బీభత్సం, రౌద్రం ఇంట్లో ఉంటే మంచిది కాదని మా అత్తగారంటున్నారు. ధర కూడా చెప్పగలరు.

కృష్ణలంక కుంచె:
కొత్తిల్లు గారూ, ధర సంగతి మెసేజ్‌లో మాట్లాడుకుందామండి. ముందు అసలు ఇవి నిలబడతాయో లేదో తేలనివ్వండి.

బ్రాడీపేట మాస్టారు:
ముందు అత్తగారి పక్షాన ఒక మాట. ఆవిడ అన్నది విష్ణుధర్మోత్తరంలో ఉంది. మూడో ఖండంలో చిత్రసూత్రమని బొమ్మల మీద కొన్ని అధ్యాయాలున్నాయి. ఇళ్ళల్లో శృంగారం, హాస్యం, శాంతం మాత్రమే రాయించుకోవాలి, మిగతావి దేవాలయాలకీ రాజసభలకీ అని అందులో చెప్పారు. గోడ మీది బొమ్మ చూసేవాడి మనసుకి ఏదో చేస్తుందని వాళ్ళు నమ్మారు కాబట్టే ఆ నియమం పెట్టారు.

రంగులరాట్నం గారు చెప్పిన రంగులు నిజమే. అయితే భరతుడు వాటిని ఎక్కడ చెప్పాడో చూడండి. రసానికో దేవతను చెప్పే చోట చెప్పాడు. కరుణకి యముడు, రౌద్రానికి రుద్రుడు, వాటితోపాటు ఈ రంగులు. రసం ఎలా పుడుతుందో చెప్పే సూత్రంలో రంగు ఊసే లేదు. అక్కడున్నవి మూడే: విభావం, అనుభావం, చింతలా మధ్యలో వచ్చిపోయే వ్యభిచారి భావం. ఈ మూడూ కలిస్తే రసం నిష్పన్నమవుతుందన్నాడు. గోడంతా పావురం రంగు కొట్టించినంత మాత్రాన ఎవరికీ దుఃఖం రాదు కదా!

ఇక అమ్మాయి ప్రశ్న. అమ్మా, నువ్వు పెట్టిన ముఖాల్లో కన్నీరుంది, ముడిపడ్డ కనుబొమలున్నాయి, విచ్చుకున్న కళ్ళున్నాయి. అవన్నీ అనుభావాలు, అంటే లోపల ఏదో జరిగాక పైకి కనబడేవి. ఆ జరిగిందేమిటో, ఎవరి వల్ల, దేని వల్ల జరిగిందో బొమ్మలో లేదు. అదే విభావం. మూడు కాళ్ళ పీటకి ఒక కాలే చేశావు.

మువ్వల సవ్వడి:
నేను మొగల్రాజపురంలో పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. మాస్టారి మాట కాదనను కానీ, మా క్లాసులో నవరసాలు ముఖంతోనే మొదలవుతాయి. ముఖం చాలదని ఎలా అంటాం? కళ్ళు సరిగ్గా పెడితే హాలంతా నిశ్శబ్దమైపోవడం నేను చూశాను.

ఇంకొకటి. కుంచె గారి అద్భుతం బొమ్మ నాకు భయంలా కనిపిస్తోంది. మాకు చెప్పే దృష్టుల్లో ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండింట్లోనూ కనుపాప పైకి లేస్తుంది. భయానకంలో రెప్పలు బిగుసుకుని పైకి నిలబడిపోతాయి, కనుపాప అదురుతుంది. అద్భుతంలో రెప్ప వెంట్రుకల కొసలు కొద్దిగా ముడుచుకుంటాయి, కంటి చివరలు విప్పారతాయి, చూపు మెత్తగా ఉంటుంది. మీరు పై రెప్పని కర్రలా బిగించేశారు. కనుపాప చుట్టూ తెల్లగుడ్డు కూడా పూర్తిగా చూపించారు. అందుకే భయం వచ్చింది.

కృష్ణలంక కుంచె:
మువ్వల గారూ, చాలా థాంక్స్. రెప్ప సంగతి నాకు తట్టనే లేదు. కానీ భయానకంలో కనుపాప అదరాలంటే బొమ్మలో ఎలా? బొమ్మ కదలదుగా.

మువ్వల సవ్వడి:
అదే మరి! నేను అదిరిస్తాను, మీరు అదిరించలేరు. అంతేకాదు, నేను ముఖం పెట్టేముందు పాట నడుస్తుంటుంది. కృష్ణుడు రాలేదని చరణంలో చెప్పాకే నా కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఇది రాస్తుంటే తోస్తోంది, హాలు నిశ్శబ్దమైంది నా కళ్ళకా, ఆ చరణానికా అని. సరే, నా వాదన నేనే పాడు చేసుకున్నట్టున్నాను, అయినా వదలను.

గాంధీనగర్ రీలు:
సినిమా వాళ్ళకి ఇది పాత కథ. రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖం షాట్ తీసుకుని, పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ షాట్ అతికించాడని చెబుతారు. ముఖం మూడుసార్లూ అదే. జనం మాత్రం ఆకలి, దుఃఖం, కోరిక బ్రహ్మాండంగా నటించాడన్నారట. అంటే ముఖంలో ఏమీ లేదు, అంతా పక్క షాట్‌లోనే ఉంది. కుంచె గారూ, పక్కన ఒక వస్తువు పెట్టేయండి, పని అయిపోతుంది.

బ్రాడీపేట మాస్టారు:
రీలు గారూ, సగం దూరం వచ్చి ఆగారు. వస్తువు ఒక్కటే అయినా చాలదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో దీన్ని చక్కగా విప్పాడు. పులి ఉందనుకోండి. భయానకానికి అది విభావం. వీరానికీ, అద్భుతానికీ, రౌద్రానికీ కూడా అదే విభావం కాగలదు. పారిపోయేవాడికి ఒకటి, విల్లు ఎక్కుపెట్టేవాడికి ఒకటి. కన్నీరు తీసుకోండి. శృంగారంలో ఉంటుంది, కరుణలో ఉంటుంది, భయంలోనూ ఉంటుంది. చింత కూడా అంతే, నాలుగైదు రసాల్లో తిరుగుతుంది. విడివిడిగా ఏదీ ఒక రసానికి కట్టుబడి ఉండదు, కలిసినప్పుడే ఇదీ అని తేలుతుంది. సూత్రంలో మూడింటినీ కలిపి చెప్పడానికి కారణం అదేనన్నాడు.

కన్నీటికి భరతుడిచ్చిన కారణాలు చూస్తే అమ్మాయికి నవ్వొస్తుంది. ఆనందం, కోపం, పొగ, కాటుక, ఆవులింత, భయం, శోకం, రెప్ప వాల్చకుండా చూడటం, చలి, జబ్బు. పదింటిలో శోకం ఒకటి.

పల్నాటి రాయి:
మాస్టారూ, మా గుంటూరు మిర్చి యార్డు దారిలో వెళ్ళేవాళ్ళని చూస్తే భరతుడు పదకొండోది కూడా చేర్చేవాడు.

కృష్ణలంక కుంచె:
నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ దాన్నిబట్టి ఒక పని చేశాను. పేర్లున్న చోట కాగితం అంటించి, తొమ్మిదీ మా ఇంట్లో వాళ్ళకి, పక్క పోర్షన్ వాళ్ళకి చూపించి, ఎవరికేమనిపిస్తే అది చెప్పమన్నాను. హాస్యం, బీభత్సం అందరూ పట్టేశారు. వీరం చూసి దాదాపు అందరూ "కోపంగా ఉంది" అన్నారు. అద్భుతం మువ్వల గారు చెప్పినట్టే భయమైంది. కరుణ చూసి మా అమ్మ "ఉల్లిపాయలు తరుగుతోందా?" అంది. పక్కింటి పిన్నిగారు "మొగుడు ఊరెళ్ళాడేమో" అన్నారు.

బ్రాడీపేట మాస్టారు:
ఇంతకంటే మంచి పరీక్ష నేను పెట్టలేను. ఒక్కొక్కటే చూద్దాం.

పేర్లు రాయడమే మొదటి చిక్కు. కావ్యంలో రసాన్ని దాని పేరుతోనే చెప్పడాన్ని దోషమంటారు. 'అతనికి శోకం కలిగింది' అని రాస్తే శోకమనే సమాచారం అందుతుంది, రసం అందదు. నీ బొమ్మల కింద బంగారు అక్షరాలు అదే చేస్తున్నాయి. చూసేవాడు ముందు పేరు చదివి, తర్వాత ముఖంతో సరిచూసుకుని, 'అవును, సరిపోయింది' అనుకుని ముందుకెళ్ళిపోతాడు.

వీరం కోపమైంది కదూ? విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఒక గుర్తు ఇచ్చాడు. ముఖం, కళ్ళు ఎర్రబడటమే రౌద్రాన్ని యుద్ధవీరం నుంచి వేరు చేస్తుందన్నాడు. ఫోటోలో చూశాను, నువ్వు కళ్ళ కొసల్లో ఎరుపు పెట్టావు, బుగ్గల మీద కూడా ఎరుపు ఛాయ ఉంది. వీరానికి మూలం ఉత్సాహం, క్రోధం కాదు. ఆ ఎరుపు తీసేసి, కనుబొమల ముడి విప్పి చూడు. రంగులరాట్నం గారికి ఇక్కడ కొంత న్యాయం జరుగుతుంది, రంగు పనిచేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో కాదు, ఒంటి మీద అనుభావంగా పనిచేస్తుంది.

అన్నిటికంటే విలువైన మాట పిన్నిగారిది. ఇష్టమైనవాళ్ళు దూరమైతే వచ్చే దుఃఖం విరహ శృంగారంలోనూ ఉంది, కరుణలోనూ ఉంది. భరతుడు ఈ తేడాను సూటిగా చెప్పాడు. తిరిగి కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే విప్రలంభం, ఆశ తెగిపోతే కరుణ. ముఖం మీద ఈ రెండూ ఒకేలా ఉండొచ్చు. ఆశ ఉందా లేదా అన్నది కన్నీటి చుక్క చెప్పలేదు. గడప దగ్గర కూర్చున్న స్త్రీని వెయ్యి. పక్కన వడ్డించి మూత పెట్టిన కంచం ఉంటే ఎవరో వస్తారు. అదే గోడకి దండ వేసిన ఫోటో ఉంటే ఇక రారు. ముఖం మీద గీత కూడా మార్చక్కర్లేదు.

రంగులరాట్నం:
బ్యాక్‌గ్రౌండ్ రంగు పనిచెయ్యదని అంత తేలిగ్గా తీసేయకండి. నల్లటి నేల మీద వేసిన ముఖానికీ తెల్లటి నేల మీద వేసిన ముఖానికీ తేడా ఏ పిల్లాడైనా చెప్తాడు. వెలుతురు, చీకటి కూడా ఉద్దీపనాలే, అంటే భావాన్ని రెచ్చగొట్టే పరిసరాలే కదా? శృంగారానికి వెన్నెల ఉద్దీపనమైతే చిత్రకారుడికి వెన్నెలంటే రంగే.

బ్రాడీపేట మాస్టారు:
వెన్నెలగా వస్తే ఒప్పుకుంటాను. పట్టికలో చూసి పూస్తే ఒప్పుకోను.

గాంధీనగర్ రీలు:
ఒక మౌలికమైన అనుమానం. ఇదంతా నాటకం కోసం పుట్టిన సిద్ధాంతం. నాటకం మూడు గంటలు నడుస్తుంది, భావం పెరుగుతుంది, తగ్గుతుంది, వ్యభిచారులు వచ్చిపోతుంటాయి. బొమ్మలో ఉన్నది ఒక్క క్షణమే. దానికి ఈ కొలబద్ద ఎందుకు?

బ్రాడీపేట మాస్టారు:
నాటకాన్ని వివరించడానికి బొమ్మను తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. శంకుకుడని కాశ్మీర పండితుడు. రంగం మీద నటుణ్ణి చూసి మనం రాముడనుకోవడం ఎలాంటిదని ఆయన ప్రశ్న. జవాబుగా బొమ్మగుర్రాన్ని చూపించాడు. గోడ మీది గుర్రాన్ని చూసి ఇది నిజం గుర్రమని అనుకోం, అబద్ధమనీ అనుకోం, గుర్రమో కాదో అని అనుమానపడం, గుర్రంలాంటిదనీ అనుకోం. 'గుర్రం' అంటాం, అంతే. నటుడి సంగతీ అదేనన్నాడు.

అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్య అభినవభారతిలో దీన్ని ఖండిస్తూ సిందూరంతో వేసిన ఆవును తీసుకొచ్చాడు. సిందూరం ఫలానా తీరులో పరుచుకుంటే ఆవు అవయవాల పోలిక వస్తుంది, సరే. మరి శోకానికి, రతికి అలా పోలిక తేవడం ఎలా? ఆవుకి ఆకారముంది, శోకానికి ఏ ఆకారముంది? నన్నడిగితే ఈ చర్చలో అసలు ప్రశ్న ఇదే. అమ్మాయి ముఖాన్ని శోకానికి ఆకారమనుకుంది. ముఖం ముఖానికే ఆకారం. శోకాన్ని ఎవరూ వెయ్యలేరు, శోకానికి ముందూ వెనకా ఉన్నవాటిని మాత్రమే వెయ్యగలరు.

పల్నాటి రాయి:
ఒక్క క్షణమే అన్న రీలు గారికి మన అమరావతి రాయి జవాబు చెప్తుంది. నళగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి రాతి పతకం చూశారా? మద్రాసులో ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. పల్నాటి సున్నపురాయి, క్రీస్తు శకం రెండో శతాబ్దం నాటిదంటారు. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించాలని మదపుటేనుగుని రాజగృహం వీధుల్లోకి వదిలించిన కథ.

ఒకే గుండ్రటి చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఎడమవైపు మదమెక్కి మనుషుల్ని తొక్కేస్తూ. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి. మధ్యలో గీత లేదు, గోడ లేదు. వీధిలో జనం ఒకరి మీద ఒకరు పడుతుంటారు. ఒక ఆడమనిషి భయంతో పక్కనున్నవాణ్ణి పట్టుకుని ఒదిగిపోయి ఉంటుంది. పైన మేడ కిటికీల్లోంచి చూసేవాళ్ళున్నారు. ఎడమ నుంచి కుడికి కన్ను జరిగేసరికి నాటకం అయిపోతుంది.

మువ్వల సవ్వడి:
ఫోటో వెతికి చూశాను. ఆ ఆడమనిషి ముఖం ఎంత చిన్నదో! ముఖంలో పెద్దగా ఏమీ తెలియడం లేదు, భయమంతా ఒంటి వంపులో ఉంది. మా భాషలో ఆంగికం. కుంచె గారు మెడ దగ్గర కట్ చెయ్యడం వల్ల చేతులు, వీపు, కాళ్ళు అన్నీ పోగొట్టుకున్నారు.

బ్రాడీపేట మాస్టారు:
రాయి గారూ, గొప్ప ఉదాహరణ ఇచ్చారు. ఇందులో ఏది ఏమిటో చూద్దాం. ఎడమవైపు ఏనుగు విభావం. పడిపోయేవాళ్ళు, పట్టుకునేవాళ్ళు అనుభావం. ఆ తోపులాటలో త్రాసం, ఆవేగం లాంటి వ్యభిచారులు మనకి తెలుస్తున్నాయి. ఇంతవరకూ భయానకం. కుడివైపుకి వచ్చేసరికి అదే విభావం తలకిందులైంది. తొక్కిన కాళ్ళే ముడుచుకున్నాయి. నాటకం చివర నిర్వహణ సంధిలో ఎప్పుడూ అద్భుత రసం రావాలని భరతుడన్నాడు. ఈ పతకం కుడి భాగం అచ్చం అదే చేస్తోంది. కిటికీల్లో ఉన్నవాళ్ళు అందుకు బాగా పనికొస్తారు. ప్రమాదం తగలని చోట నిలబడి చూస్తున్నారు వాళ్ళు, మనలాగే.

పల్నాటి రాయి:
ఇక్కడ నేను ఒప్పుకోలేను మాస్టారూ. కుడివైపు బుద్ధుణ్ణి చూడండి. చుట్టూ అంత గోల జరుగుతుంటే ఆయన ఒంట్లో ఏ వంపూ లేదు. శిల్పి మన కన్ను చివరికి ఆనేలా చేసింది ఆయన మీదే. అది అద్భుతం కాదు, శాంతం.

బ్రాడీపేట మాస్టారు:
భరతుడి లెక్కలో రసాలు ఎనిమిదే. శాంతాన్ని తొమ్మిదోదిగా తర్వాతివాళ్ళు నిలబెట్టారు, అభినవగుప్తుడు గట్టిగా వాదించాడు. నాటకాల మీది శాస్త్రగ్రంథం దశరూపకానికి వ్యాఖ్య రాసిన ధనికుడు నాటకంలో శాంతం కుదరదని, నాగానందం నాటకంలో ఉన్నది దయతో కూడిన వీరం, అంటే దయావీరమని అన్నాడు. ఆ లెక్కన మీ బుద్ధుడు దయావీరుడు కాకూడదా?

పల్నాటి రాయి:
కాకూడదని కాదు. అసలు ఆ శిల్పి ఈ పేర్లేవీ విని ఉండకపోవచ్చు. పేరు మనం తర్వాత అంటిస్తున్నాం. ఇందాక కుంచె గారి బంగారు అక్షరాల్ని తప్పుపట్టింది మీరే కదా!

బ్రాడీపేట మాస్టారు:
దెబ్బ తగిలింది. నేను మాత్రం అద్భుతం దగ్గరే ఉంటాను.

కృష్ణలంక కుంచె:
మీ ఇద్దరి పంచాయితీ తెగేలోపు నేను తొమ్మిదీ పక్కన పెట్టేశాను. ఒక్క బొమ్మే, కరుణ, పెద్దగా వేద్దామనుకుంటున్నాను. నాలుగడుగుల వెడల్పు. విషయం మన 2024 సెప్టెంబరు బుడమేరు వరద. స్కెచ్ పెట్టాను. నడుముల్లోతు నీళ్ళు, డాబా మీద ఒక తల్లి ఏడుస్తూ, ఒళ్ళో బిడ్డ, కింద నీళ్ళల్లో మునిగిన బైకులు, పడవ, వెనక సింగ్‌నగర్ ఫ్లైఓవర్. ఇప్పుడు విభావం ఉంది, అనుభావం ఉంది. సరిపోతుందా?

సింగ్‌నగర్ వాసి:
నేను ఈ ఫోరంలో ఎప్పుడూ రాయను, చదువుతుంటానంతే. నాకు మీ రసాలు తెలియవు. ఆ వరదలో మా కింది పోర్షన్ మొత్తం మునిగింది. మీ స్కెచ్ తెరిచి చూడగానే ఫోన్ పక్కన పడేశాను. బొమ్మ బాగోలేదని కాదు. తల్లి ముఖం దాకా నా చూపు వెళ్ళనే లేదు. ఆ ఫ్లైఓవర్, ఆ బైకులు చూడగానే నాకు మళ్ళీ ఆ టెన్షన్ మొదలైంది. ఫ్రిజ్ ఎంతకి కొన్నాం, కాగితాలన్నీ ఏమయ్యాయి, అవే గుర్తొచ్చాయి. దీన్ని మీరు కరుణ రసమంటారా?

రంగులరాట్నం:
అంతకంటే ఏం కావాలి? చూసినవాడు కదిలిపోయాడు. బొమ్మ గెలిచింది.

బ్రాడీపేట మాస్టారు:
గెలవలేదండీ. శాస్త్రం దీన్ని విఘ్నమంటుంది. రసానికి అడ్డొచ్చేవాటిని అభినవగుప్తుడు ఏడుగా చెప్పాడు. వాటిలో రెండు ఇక్కడ చేతికి తగులుతున్నాయి. ఒకటి, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో చిక్కుకుపోవడం. రెండోది, బొమ్మలోది ఫలానా చోట, ఫలానా కాలంలో, ఫలానావాళ్ళకి జరిగిందన్న పట్టింపు. సింగ్‌నగర్ బాబుకి కలిగింది శోకం, అసలైనది. శోకం మనిషిని నలిపేస్తుంది, అందుకే ఫోన్ పక్కన పడేశాడు. కరుణ రసంలో మనిషి కన్నీరు పెట్టుకుంటూనే ఇంకాసేపు చూడాలనుకుంటాడు. బొమ్మ ముందు ఆగాడా, పారిపోయాడా అన్నదే గుర్తు.

వార్తాపత్రిక ఫోటో చెయ్యాల్సిన పని వేరు. ఫ్లైఓవర్ ఏదో తెలియాల్సింది అందులో. నీ బొమ్మలో అది 'ఇది ఆయన కష్టం' అనో 'ఇది నాకు జరగలేదు' అనో చెప్తుంది. రెండు మాటలూ రసాన్ని చెడగొట్టేవే. ఎవరిదీ కాని దుఃఖం, అందరిదీ అయ్యే దుఃఖం కావాలి. భట్టనాయకుడు సాధారణీకరణమన్నది దీన్నే.

గాంధీనగర్ రీలు:
అన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది మాస్టారూ? ఊరు పేరు లేని వరద, ముఖం తెలియని మనిషి. ఇందాక విభావం లేదన్నారు, ఇప్పుడు విభావం ఎక్కువైందంటున్నారు.

బ్రాడీపేట మాస్టారు:
సబబైన నిష్ఠూరమే. వస్తువు స్పష్టంగానే ఉండాలి. అస్పష్టంగా ఉండటం కూడా ఆ ఏడింటిలో ఒక విఘ్నమే. స్పష్టత వస్తువుకుండాలి, చిరునామాకి కాదు. పడవ, బైకులు, బిడ్డ, ఫ్లైఓవర్, కన్నీరు అన్నీ ఒకేసారి మాట్లాడటం ఇంకో ఇబ్బంది, ఏది ప్రధానమో కంటికి తెలియదు.

ఇంకో సంగతి, ఇది మువ్వల అమ్మాయికి ఊరట. మూడింటిలో ఒక్కటే ఉన్నా, అది మరో రసానికి పోనంత ప్రత్యేకమైనదైతే మిగతా రెండూ దాన్నిబట్టి స్ఫురిస్తాయని మమ్మటుడే ఒప్పుకున్నాడు. అలాంటి ముఖం దొరికితే ముఖమైనా చాలు. అలాంటి వస్తువు దొరికితే ముఖమే అక్కర్లేదు.

సింగ్‌నగర్ వాసి:
నీళ్ళు పోయాక నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. మా పాప స్కూలు పుస్తకాలు పిట్టగోడ మీద ఎండబెట్టాం. గాలికి ఎగిరిపోకుండా ఒక్కో పుస్తకం మీద ఒక ఇటుక ముక్క. అక్షరాలు అలికిపోయి నీలం మరకలైపోయాయి. అయినా రోజూ మధ్యాహ్నం మా పాప వెళ్ళి ఒక్కో పేజీ తిప్పి మళ్ళీ ఇటుక పెట్టేది. అవి ఇక పనికిరావని దానికి చెప్పలేదు. ఇది రాయడానికి నాకేమీ ఇబ్బంది లేదు, విచిత్రంగా.

మువ్వల సవ్వడి:
అయ్యో. ఇది చదివి నాకు కళ్ళు తిరిగాయి, నీళ్ళు తిరిగాయనాలి. మా పాపకీ అదే వయసు.

బ్రాడీపేట మాస్టారు:
బాబూ, నువ్వు రసాలు తెలియవన్నావు. పోయిన అక్షరం తిరిగి రాదు కాబట్టి విభావంలో ఆశ లేదు. పాప పేజీ తిప్పడమే అనుభావం, అందులో కన్నీటి చుక్క లేదు. పాపకి ఆశ ఉంది, చూసేవాడికి లేదు. ఆ తేడాలోంచే కరుణ వస్తోంది. అమ్మా కుంచె, బాబు ఒప్పుకుంటే వెయ్యి. పాప ముఖం మాత్రం చూపించకు, వీపు చాలు.

కృష్ణలంక కుంచె:
సింగ్‌నగర్ గారూ, మీరు సరేనంటేనే. ఈ వారమంతా స్కెచ్‌లు వేస్తూ కూర్చున్నాను, ఒకటి పెడుతున్నాను. పొడవాటి పిట్టగోడ, వరుసగా పుస్తకాలు, ఇటుక ముక్కలు, చివర్లో వంగి ఉన్న పాప వీపు, జడ. గోడ మీద నీటి గీత. పక్కన నీలం టార్పాలిన్ మూట. ఆకాశం మామూలు మధ్యాహ్నపు ఎండ, రంగులరాట్నం గారి పావురం రంగు వెయ్యలేదు.

రంగులరాట్నం:
ఎండ మండిపోతోంది, దుఃఖం ఎక్కడ? గోడకైనా బూడిద రంగు కలపండి.

సింగ్‌నగర్ వాసి:
వెయ్యండి, నాకు సంతోషమే. ఒక్క మాట. ఈసారి చాలాసేపు చూశాను. కానీ ఆ నీలం టార్పాలిన్ తీసేయండి. దాని మీదకి చూపు పోగానే మళ్ళీ ఆ రోజుల్లోకి వెళ్ళిపోతున్నాను.

గాంధీనగర్ రీలు:
టార్పాలిన్ తీసేస్తే వరద అని ఎలా తెలుస్తుంది? పిల్ల వానకి తడిసిన పుస్తకాలు ఆరబెట్టుకుంటోందనుకుంటారు. వానైతే కరుణ ఏముంది, రేపు ఆరిపోతాయి.

బ్రాడీపేట మాస్టారు:
నీటి గీత ఉందిగా. దాన్ని పాప తలకంటే పైకి జరిపితే చాలు.

పల్నాటి రాయి:
డాబా పిట్టగోడ మీద నీటి గీత ఎలా వస్తుంది మాస్టారూ? అంత ఎత్తు నీళ్ళొస్తే పాప ఉండదు. వెనక కనబడే పక్కింటి గోడ మీద ఉండాలి ఆ గీత. కింది కిటికీకి పైన.

కృష్ణలంక కుంచె:
నిజమే, గీత పక్కింటి గోడ మీదకి మారుస్తాను. టార్పాలిన్ సంగతి తేల్చుకోలేకపోతున్నాను. అది ఉన్నదొకటి, లేనిదొకటి, రెండూ చిన్నవి వేసి, పేరు రాయకుండా మళ్ళీ పక్క పోర్షన్‌లో చూపిస్తాను. వరదలో చిక్కుకున్నవాళ్ళకీ, ఆ రోజుల్లో ఊళ్ళో లేనివాళ్ళకీ విడివిడిగా చూపించాలి. గుంటూరు వైపు ఎవరైనా చూసి చెప్తారా?

కొత్తిల్లు గుంటూరు:
నేను చూస్తానండి, ఆదివారం బెజవాడ వస్తున్నాను. మా అత్తగార్ని కూడా తీసుకొస్తాను. ఆవిడకి టార్పాలిన్ లేనిదే నచ్చుతుందని నా అనుమానం.